నూనె, పసుపు మరకలు: నూలుకు ఒక దారి, పాలిస్టర్‌కు మరొక దారి (ప్రాజెక్టు డైరీ)

ఆరంభం: మూడు బట్టలు, మూడు పొరపాట్లు

వైశాఖ మాసంలో బంధువుల గృహప్రవేశం నుంచి విజయవాడకు తిరిగి వస్తున్నప్పుడు, కారు వెనక సీటులో ఒడిలో పెట్టుకున్న పులిహోర బేసిన్ ఒక మలుపు దగ్గర ఒరిగిపోయింది. మా వారి తెల్లటి చేనేత నూలు పంచె మీద అరచేయంత, మా అబ్బాయి తెల్ల టెర్రీకాటన్ చొక్కా మీద రూపాయి బిళ్ళలంతవి నాలుగు, నా లేత నీలం పాలిస్టర్ జార్జెట్ చీర కుచ్చిళ్ల మీద సుమారు 6 సెంటీమీటర్ల మేర మరకలు పడ్డాయి. నువ్వుల నూనె పోపులో పసుపు వేయించి కలిపిన పులిహోర కావడం వల్ల మూడింటి మీద పడ్డ మరక ఒక్కటే. అయినా మూడూ మూడు రకాలుగా ప్రవర్తించాయి, నేను మూడింటి విషయంలోనూ తప్పు చేశాను.

పంచె మరకకు బట్టల సబ్బు బిళ్ళ రుద్దగానే పసుపు రంగు కాస్తా ఇటుక ఎరుపుగా మారింది. నేను కంగారుపడి ఇంకా గట్టిగా రుద్దాను. చొక్కాను మామూలుగా సర్ఫు నీళ్ళలో నానబెట్టి వాషింగ్ మెషిన్‌లో వేశాను. పసుపు పలచబడింది గానీ నాలుగు గుండ్రటి జిడ్డు నీడలు మిగిలాయి. అన్నిటికంటే పెద్ద తప్పు చీర విషయంలో జరిగింది. తడిగా ఉన్నప్పుడు మరక కనిపించకపోవడంతో పోయిందనుకుని ఇస్త్రీ చేశాను. ఇస్త్రీ పెట్టె తీసిన తర్వాత మరక ముందుకంటే స్పష్టంగా, అంచులు తీరి, బంగారు రంగులో కనిపించింది.

"సబ్బు పెట్టకముందే ఎండలో వేయవలసిందమ్మా, పసుపుకు ఎండే మందు" అన్నారు మా అత్తయ్య. ఆవిడ మాటలో సగం నిజం ఉందని, మిగతా సగం ఎందుకు సరిపోదో తరువాతి పరీక్షల్లో తెలిసింది. అసలు బట్టలను పక్కన పెట్టి, ముందు పాత గుడ్డ ముక్కల మీద పరీక్షించి, ఆ తర్వాతనే వాటి జోలికి వెళ్ళాలని అనుకున్నాను. ఎవరైనా ఇదే పని చేయదలచుకుంటే ఈ క్రమాన్ని మార్చకుండా చేయమని చెబుతాను, ఎందుకంటే ఇస్త్రీ తప్పును వెనక్కి తీసుకోవడానికి పట్టిన సమయం మిగతా పనులన్నిటికంటే ఎక్కువ.

మొదటి దశ: పరీక్ష ముక్కలు, కొలతలు

పాత తెల్ల పంచె నుంచి, ఒక పాత తెల్ల పాలిస్టర్ చున్నీ నుంచి 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు 12 చొప్పున కత్తిరించాను. చున్నీ నిజంగా పాలిస్టరేనా అన్న అనుమానం తీర్చుకోవడానికి, దాని అంచు నుంచి నాలుగు దారాలు లాగి పట్టకారుతో పట్టుకుని, గిన్నెలో నీళ్ళు సిద్ధంగా ఉంచుకుని, అగ్గిపుల్ల చూపాను. నూలు దారం కాగితం కాలినట్టు కాలి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిదగా మిగిలింది. పాలిస్టర్ దారం ముందు ముడుచుకుని, కరిగి, నల్లటి పొగతో కాలి, చివర గట్టి పూసలా మిగిలింది. బట్ట లోపలి చీటీ మీద వివరం లేని పాత చీరలకు చేత్తో తడిమి చూడటం కంటే ఈ పరీక్ష నమ్మదగినది. చేత్తో తడిమి చూసి చెప్పే జవాబు నాకు రెండుసార్లు తప్పింది.

మరక తయారీ:

1. నువ్వుల నూనె 50 మిల్లీలీటర్లు, పసుపు అర చెంచా ఒక చిన్న గిన్నెలో కలిపి, వేలు పెట్టగలిగినంత వేడి చేశాను.
2. మందుల షాపులో దొరికే డ్రాపర్‌తో ఒక్కో ముక్క మధ్యలో 5 చుక్కలు వేశాను.
3. 24 గంటలు నీడలో వదిలేశాను.

ఒక రాత్రి గడిచేసరికి నూలు మీద మరక సగటున 3.5 సెంటీమీటర్లు, పాలిస్టర్ మీద 5 సెంటీమీటర్లు వ్యాపించింది. నూలు పోగు నూనెను లోపలికి పీల్చుకుంటే, పాలిస్టర్ పోగు పీల్చుకోదు. దాని ఉపరితలం నీటిని ఇష్టపడదు, నూనెను ఇష్టపడుతుంది. అందువల్ల నూనె పోగుల వెంట పాకుతూ పోతుంది. ఈ ఒక్క తేడా మిగతా పనంతటినీ నిర్ణయించింది.

రంగును 5 నుంచి 0 దాకా అంకెలతో గుర్తించాను. 5 అంటే తాజా మరక, 0 అంటే పగటి వెలుతురులో చేతి దూరం నుంచి ఏమీ కనిపించకపోవడం. రోజూ ఉదయం 10 గంటలకు ఒకే కిటికీ దగ్గర చూశాను. ట్యూబులైటు కింద పసుపు ఒక అంకె తక్కువగా కనిపించి నన్ను మోసం చేసింది. నూనె మిగిలి ఉందో లేదో చూడటానికి, ఆరిన ముక్కను రెండు టిష్యూ కాగితాల మధ్య పెట్టి, పైన సన్నికల్లు ఉంచి, 2 గంటల తర్వాత కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాను. నూనె ఉంటే కాగితం మీద పారదర్శకమైన చుక్క పడుతుంది.

ఇప్పటివరకు: ముక్కలు 24, సమయం 3 గంటలు, ఖర్చు 130 రూపాయలు (డ్రాపర్, గిన్నెలు తోమే లిక్విడ్, టిష్యూ కాగితాలు).

రెండవ దశ: ఎరుపు ఎందుకు వచ్చింది

పంచె మీద వచ్చిన ఎరుపు నన్ను భయపెట్టింది గనుక ముందు దాని సంగతి చూశాను. పసుపులోని రంగు పదార్థం పేరు కర్క్యుమిన్. అది పులుపు తగిలినంతసేపు, మామూలు నీటిలోనూ పచ్చగానే ఉంటుంది. క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే మనకు ఇది కొత్త సంగతి కాదు. సబ్బు, సర్ఫు, చాకలి సోడా అన్నీ క్షారాలే కావడం వల్ల పంచె మీద పారాణి పుట్టింది, అంతే. ఒక ముక్క మీద సబ్బు పెట్టి ఎర్రబడనిచ్చి, బాగా జాడించి నిమ్మరసం రెండు చుక్కలు వేస్తే వెంటనే పచ్చగా మారింది. మళ్ళీ సబ్బు పెడితే మళ్ళీ ఎరుపు. ఎరుపు వచ్చినంత మాత్రాన మరక ముదిరినట్టు కాదు, కర్క్యుమిన్ ఇంకా అక్కడే ఉందని అర్థం.

అందువల్ల ఎరుపును కొలతగా వాడుకున్నాను. 100 మిల్లీలీటర్ల నీటిలో అర చెంచా చాకలి సోడా కరిగించి, దూదిపుల్లతో మరక ఉన్నచోట అద్దాను. కంటికి తెల్లగా కనిపించిన ముక్క కూడా కొన్నిసార్లు గులాబీ రంగు తేలింది. ఆ గులాబీ కనిపిస్తే పని పూర్తికాలేదని లెక్క. అద్దిన తర్వాత మంచినీళ్ళతో జాడించాలి. దీన్ని ఇకపై సోడా చుక్క అంటాను. పాలిస్టర్ దగ్గర ఈ సోడా చుక్కే నన్ను తప్పుదారి పట్టించింది, ఆ సంగతి నాలుగో దశలో వస్తుంది.

మూడవ దశ: నూలు ముక్కలు

నూలు ముక్క 1: సబ్బు బిళ్ళతో రుద్ది చన్నీళ్ళతో జాడించాను. రంగు 5 నుంచి 4. టిష్యూ మీద నూనె చుక్క పడింది.

నూలు ముక్క 2: సర్ఫు చన్నీళ్ళలో గంట నానబెట్టాను. రంగు 4. నూనె అలాగే ఉంది.

నూలు ముక్క 3: ఏమీ ఉతకకుండా మరకను తడిపి, మేడ మీద ఎండలో 5 గంటలు ఉంచాను, ఆరినప్పుడల్లా నీళ్ళు చల్లాను. రంగు 5 నుంచి 1కి పడిపోయింది. అత్తయ్య చెప్పినట్టే కర్క్యుమిన్ ఎండకు విరిగిపోతుంది; కొత్త బట్ట అంచుకు పెట్టిన పసుపు బొట్టు నాలుగు ఉతుకులకే వెలిసిపోవడంలో ఎండ పాలు చాలా ఉంది. అయితే టిష్యూ మీద పెద్ద నూనె చుక్క పడింది. ఆ ముక్కను కావాలనే ఉతకకుండా అలమరలో ఉంచాను. 10 రోజుల తర్వాత నూనె ఉన్నచోట దుమ్ము పట్టి, బూడిద రంగు వలయం తేలింది. నువ్వుల నూనె గాలికి నెమ్మదిగా చిక్కబడుతుంది గనుక నెలలు గడిస్తే అక్కడే గోధుమ రంగు మరక తయారవుతుంది. ఎండ రంగును తీస్తుంది, నూనెను తీయదు. పైగా నూనె ఉందన్న గుర్తును చెరిపేస్తుంది.

నూలు ముక్క 4: ముందు నూనె, తర్వాత రంగు అనే క్రమాన్ని మొదటిసారి పాటించాను. పొడి మరక మీదనే, నీళ్ళు తగలకుండా, గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా వేసి, వేలితో మెల్లగా రుద్ది, 20 నిమిషాలు ఆగాను. తర్వాత చేయి పెట్టలేనంత కాకపోయినా కాస్త చురుక్కుమనే నీటిలో, అంటే థర్మామీటరు 50 డిగ్రీలు చూపే నీటిలో జాడించాను. టిష్యూ మీద నూనె చుక్క పడలేదు. రంగు మాత్రం 3 దగ్గర ఆగిపోయింది. నూనె పోయినా రంగు పోకపోవడానికి కారణం ఉంది: కర్క్యుమిన్ నూలుకు నేరుగా పట్టే రంగు, దారాలకు అద్దకం వేయడానికి పూర్వం నుంచీ వాడుతున్నది. అది నూలు మీద మురికిలా కూర్చోలేదు, అద్దకంలా పట్టింది. అద్దకాన్ని సబ్బు తీయదు, రంగును విరగ్గొట్టాలి.

ముందు నీళ్ళు తగలనివ్వకూడదని ఎందుకు అంటున్నానంటే, మరో ముక్కను తడిపిన తర్వాత లిక్విడ్ వేసి చూశాను. లిక్విడ్ పలచబడి, టిష్యూ మీద చిన్న నూనె చుక్క మిగిలింది. రెండోసారి లిక్విడ్ వేయవలసి వచ్చింది.

నూలు ముక్క 5: నాలుగో ముక్కలాగే నూనె తీసి, తర్వాత ఈ నీళ్ళలో నానబెట్టాను.

1. ప్లాస్టిక్ బకెట్‌లో 50 డిగ్రీల వేడినీళ్ళు 900 మిల్లీలీటర్లు.
2. చాకలి సోడా ఒక పెద్ద చెంచా, పూర్తిగా కరిగేదాకా.
3. మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 100 మిల్లీలీటర్లు.
4. ముక్క పూర్తిగా మునిగేలా ఉంచి, చేతులకు రబ్బరు తొడుగులతో అప్పుడప్పుడూ తిప్పాను.

ముక్క నీళ్ళలో పడగానే ఎర్రబడింది. 10 నిమిషాలకు ఎరుపు తగ్గి ఎండుగడ్డి రంగుకు వచ్చింది. 30 నిమిషాలకు అంచుల్లో మాత్రమే లేత పసుపు మిగిలింది, గంటకు రంగు 1. జాడించి తడిగానే 3 గంటలు ఎండలో ఉంచితే 0. సోడా చుక్కకు కూడా గులాబీ రాలేదు. సోడా ఎందుకు కలిపానన్నది తెలుసుకోవడానికి సోడా లేకుండా పెరాక్సైడ్ ఒక్కదానితోనే మరో ముక్కను గంటసేపు నానబెట్టాను. రంగు 3 నుంచి 2కు మాత్రమే దిగింది. క్షారంలోనే పెరాక్సైడ్ చురుకుగా పనిచేస్తుంది, పైగా క్షారంలో కర్క్యుమిన్ కూడా బలహీనపడుతుంది.

ఈ నీళ్ళను అప్పటికప్పుడు కలిపి వాడాలి, మిగిలితే పారబోయాలి. మూత బిగించి దాచితే లోపల వాయువు చేరి సీసా పగలవచ్చు.

బ్లీచింగ్ నీళ్ళను ఒక్క ముక్క మీదనే వాడి చూశాను. రంగు 15 నిమిషాల్లో 0కి వచ్చింది, కానీ అక్కడ బట్ట చేతికి పలచగా తగిలింది, గోటితో లాగితే దారం తెగింది. బహుశా నేను బ్లీచింగ్ ఎక్కువ వేసి ఉంటాను. ఏమైనా రంగు అంచు ఉన్న పంచెకు ఇది తగదు. ఎరుపును పోగొట్టడానికి నిమ్మరసం వేసే అలవాటు ఉన్నవాళ్ళు బ్లీచింగ్ పక్కన ఆ పని అస్సలు చేయకూడదు. పులుపు తగిలితే బ్లీచింగ్ నుంచి క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన స్నానాల గదిలో అది ప్రమాదం.

ఇప్పటివరకు: వాడిన నూలు ముక్కలు 9, సమయం 10 గంటలు (ఎండ సమయం కాక), ఖర్చు 240 రూపాయలు.

నాలుగవ దశ: పాలిస్టర్ ముక్కలు

నూలుకు పనిచేసిన పద్ధతినే పాలిస్టర్ మీద వాడి మొదలుపెట్టాను. ఫలితం నిరాశ కలిగించింది.

పాలిస్టర్ ముక్క 1: నేరుగా సోడా, పెరాక్సైడ్ నీళ్ళలో గంట. రంగు 5 నుంచి 4. నూనె చుక్క పెద్దదిగా పడింది. నూనె పొర కప్పి ఉంటే నీళ్ళలోని మందు రంగు దాకా చేరలేదని అనుకున్నాను.

పాలిస్టర్ ముక్క 2: ముందు లిక్విడ్‌తో నూనె తీసి, ఆ తర్వాత అదే నీళ్ళలో గంట. నూనె చాలావరకు పోయింది, రంగు మాత్రం 3. రెండో గంటకూ 3. ఇక్కడే అసలు సంగతి బోధపడింది. పాలిస్టర్ పోగు నీటిని లోపలికి రానివ్వదు. కర్క్యుమిన్ నీటిలో కరగని, నూనెతో పోయే రంగు కావడం వల్ల కొంత పోగులోకి ఇంకుతుంది. నీళ్ళలో కరిగిన సోడా, పెరాక్సైడ్ దాని వెంట లోపలికి వెళ్ళలేవు. నూలులో తలుపు తెరిచే ఉంటుంది, పాలిస్టర్‌లో మూసి ఉంటుంది.

ఈ ముక్కకు సోడా చుక్క అద్దితే గులాబీ చాలా లేతగా వచ్చింది, మరో చోట అసలే రాలేదు. పని అయిపోయిందనుకున్నాను. కిటికీ దగ్గరకు తీసుకువెళితే పసుపు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. క్షారం కూడా నీళ్ళతోపాటు బయటే ఆగిపోయింది గనుక లోపలి కర్క్యుమిన్ ఎర్రబడలేదు. సోడా చుక్కను నూలు మీద నమ్మవచ్చు, పాలిస్టర్ మీద నమ్మకూడదు.

పాలిస్టర్ ముక్క 3: నీటితో కాకుండా, రంగును కరిగించే దానితో ప్రయత్నించాను. కర్క్యుమిన్ ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది, నూనె మాత్రం అంత తేలిగ్గా కరగదు. అందువల్ల రెండూ వేరువేరుగా తీయాలి.

1. పొడి మరక మీద లిక్విడ్ వేసి, మెత్తటి పళ్ళ బ్రష్‌తో నేత దారి వెంట మెల్లగా దువ్వి, 30 నిమిషాలు ఆగాను.
2. 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో జాడించి, ఇదంతా మరొకసారి చేశాను. నూలుకు ఒక్కసారి సరిపోయింది, దీనికి రెండుసార్లు పట్టింది.
3. నీడలో పూర్తిగా ఆరనిచ్చి, టిష్యూ మీద సన్నికల్లు పరీక్ష చేశాను. చుక్క పడనంతవరకు ముందుకు వెళ్ళలేదు.
4. ముక్క కింద నాలుగు మడతల టిష్యూ పెట్టి, మందుల షాపు నుంచి తెచ్చిన 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదితో వెనక వైపు నుంచి అద్దాను. రుద్దకూడదు, అద్ది నొక్కాలి.
5. టిష్యూ పచ్చబడగానే కొత్త చోటుకు జరిపాను.

మొదటి టిష్యూ గుమ్మడిపువ్వు రంగులోకి వచ్చింది, రెండోది లేత పసుపు, మూడోదాని మీద అంచు వలయం మాత్రమే, ఐదోది తెల్లగానే ఉంది. ఇక్కడ కొలత టిష్యూయే. రంగు 5 నుంచి 1కి దిగింది. ఆ తర్వాత 2 గంటలు ఎండలో ఉంచితే 0.

స్పిరిట్ పేరుతో అమ్మే సీసాలు రకరకాలు. నేను మొదట ఇంట్లో ఉన్న శానిటైజర్ జెల్ వాడాను. అందులోని గ్లిసరిన్, జిగురు పదార్థాలు బట్టను అట్టలా చేసి, మళ్ళీ లిక్విడ్‌తో ఉతకవలసి వచ్చింది. నీళ్ళలా పలచగా ఉండి, చేతి మీద వేస్తే జిగట లేకుండా ఆవిరయ్యేదే కావాలి. పొయ్యి, దీపం లేని చోట కిటికీ తెరిచి చేయాలి. గోళ్ళ రంగు తీసే అసిటోన్‌ను మాత్రం వాడకూడదు. అది పాలిస్టర్‌ను ఏమీ చేయకపోయినా, పట్టులా మెరిసే ఎసిటేట్ బట్టను కరిగించేస్తుంది, చూపులకు ఆ రెండింటి తేడా తెలియదు.

పాలిస్టర్ ముక్క 4, 5: ఇస్త్రీ సంగతి కొలవడానికి రెండింటినీ ఉతకకుండా మధ్యస్థ వేడిలో ఒక నిమిషం చొప్పున ఇస్త్రీ చేసి, తర్వాత మూడో ముక్క పద్ధతినే అనుసరించాను. ఒకటి 2 దగ్గర, మరొకటి 3 దగ్గర ఆగిపోయింది, ఆరు టిష్యూలు తడిపినా అంతకంటే దిగలేదు. పాలిస్టర్ పోగు సుమారు 70, 80 డిగ్రీల దగ్గర లోపల సడలుతుంది, ఫ్యాక్టరీలో ఆ బట్టకు రంగులు వేసేది కూడా బాగా వేడి చేసే కదా. ఇస్త్రీ పెట్టె దానికంటే చాలా వేడి. నేను చీర మీద తెలియకుండానే పసుపు అద్దకం వేశానన్నమాట.

ఇప్పటివరకు: వాడిన పాలిస్టర్ ముక్కలు 7, మొత్తం ముక్కలు 16, సమయం 16 గంటలు, ఖర్చు 360 రూపాయలు.

ఐదవ దశ: అసలు బట్టలు

*పంచె.* లిక్విడ్, ఆ తర్వాత సోడా, పెరాక్సైడ్ నీళ్ళు. అంచు ముదురు ఎరుపు కావడం వల్ల, మడతలోపల అంచుకు దూదితో ఆ నీళ్ళు అద్ది 10 నిమిషాలు చూశాను. దూదికి రంగు అంటలేదు. అయినా అనుమానంతో అంచును చుట్టి ప్లాస్టిక్ కవరులో కట్టి, రబ్బరు బ్యాండు బిగించి, మధ్య భాగాన్ని మాత్రమే ముంచాను. 40 నిమిషాల తర్వాత చూస్తే మరక ఉన్నచోట తెల్లగా, అంచుకు దగ్గరగా జానెడు మేర లేత గులాబీగా ఉంది. కవరులోకి నీళ్ళు పాకాయి.

పసుపు మిగిలి ఎరుపెక్కిందా, అంచు రంగు దిగిందా అన్నది చూడగానే తేలలేదు. బాగా జాడించి ఆ గులాబీ మీద నిమ్మరసం చుక్క వేశాను. కర్క్యుమిన్ అయితే పచ్చబడాలి. అది గులాబీగానే ఉండిపోయింది. కాబట్టి అంచు రంగే. 10 నిమిషాల దూది పరీక్ష చన్నీళ్ళతో చేయడం, అసలు పని 50 డిగ్రీలలో చేయడం నా తప్పు. పరీక్ష కూడా అదే వేడితో, అంతే సేపు చేయవలసింది. వెంటనే పంచెను ఆరనివ్వకుండా చన్నీళ్ళలో ఐదుసార్లు జాడించి, సర్ఫు చన్నీళ్ళలో 20 నిమిషాలు ఉంచితే గులాబీ సగానికి పైగా పోయింది. పసుపు మరక రంగు 0, నూనె లేదు. అంచు పక్కన తెలిసినవారికి మాత్రమే కనిపించేంత గులాబీ మిగిలింది. ఇక మీదట రంగు అంచు ఉన్నవాటిని బకెట్‌లో ముంచను. మరక కింద పాత తువ్వాలు పెట్టి, అదే మందును చెంచాతో మరక మీద మాత్రమే పోసి, తడి ఆరకుండా చూసుకుంటాను.

*చొక్కా.* చీటీ ప్రకారం 67 శాతం పాలిస్టర్, 33 శాతం నూలు. రెండు పోగులూ ఒకే దారంలో ఉన్నప్పుడు రెండు పద్ధతులూ ఒకదాని తర్వాత ఒకటి చేయక తప్పదు. లిక్విడ్ రెండుసార్లు, నీడలో ఆరాక ఆల్కహాల్, మంచినీళ్ళతో బాగా జాడించాక 40 డిగ్రీల సోడా, పెరాక్సైడ్ నీళ్ళు 45 నిమిషాలు, చివర ఎండ 3 గంటలు. ఆల్కహాల్ తర్వాత రంగు 2, పెరాక్సైడ్ తర్వాత 1, ఎండ తర్వాత 0. ఈ క్రమం తలకిందులైతే పనికిరాదని ఒక మరక మీద తెలిసింది: దానికి తొందరపడి పెరాక్సైడ్ ముందు చేశాను, పాలిస్టర్ పోగుల్లోని రంగు అలాగే ఉండి మళ్ళీ ఆల్కహాల్ పెట్టవలసి వచ్చింది. నాలుగు మరకలూ పోయాయి. చొక్కా మెషిన్‌లో ఉతికినా ఇస్త్రీ కాలేదు, అది నా అదృష్టం.

*చీర.* కుచ్చిళ్ల మరకకు లిక్విడ్‌తో మూడు విడతలు, 45 డిగ్రీల నీళ్ళు. మూడో విడత తర్వాత టిష్యూకు చుక్క పడలేదు, బంగారు వలయం 6 సెంటీమీటర్ల నుంచి 4కు తగ్గింది. ఆల్కహాల్ పెట్టే ముందు లోపలి అంచు మడతలో పరీక్షిస్తే నీలం రంగు టిష్యూకు అంటలేదు. ఎనిమిది టిష్యూలు వాడాను, మూడోదాని తర్వాత వచ్చిన పసుపు చాలా తక్కువ. రంగు 3 నుంచి 2. రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే పని చేస్తే 1, వలయం 2 సెంటీమీటర్లు.

ఎండలో వేయాలా అని ఆలోచించాను. తెల్ల ముక్కకు ఎండ మేలు చేసింది, కానీ లేత నీలం చీర మీద అది మరకతోపాటు బట్ట రంగును కూడా తీసుకుపోతుంది. మరక ఉన్న భాగం మాత్రమే ఎండకు తగిలేలా మిగతాదంతా పాత దుప్పటితో కప్పి, చీరను తిరగేసి, ఉదయం 8 నుంచి 10 దాకా రెండు రోజులు ఉంచాను. పసుపు కాస్త తగ్గింది, నీలం తగ్గలేదు. మూడో రోజు మరక చుట్టూ నీలం ఒక వన్నె తేలిపోయినట్టు అనిపించి ఆపేశాను.

ఇప్పటివరకు: బట్టలు 3, సమయం 25 గంటలు, ఖర్చు 440 రూపాయలు (రెండో సీసా పెరాక్సైడ్‌తో కలిపి).

ఆరవ దశ: మూడు వారాల తర్వాత చూసినప్పుడు

పంచె రెండుసార్లు, చొక్కా నాలుగుసార్లు ఉతుకులో పడ్డాయి. రెండింటి మీదా దుమ్ము వలయం తేలలేదు, అంటే నూనె నిజంగానే పోయింది. పంచె మీద సోడా చుక్కకు గులాబీ రాలేదు. అలమరలో దాచిన నూలు ముక్క 3, ఎండకు తెల్లబడి నూనె మిగిలినది, ఇప్పుడు మధ్యలో లేత గోధుమ రంగుకు తిరిగింది. దానికి లిక్విడ్ మూడుసార్లు పెట్టినా గోధుమ రంగు పూర్తిగా వదల్లేదు.

చీర మీద 2 సెంటీమీటర్ల లేత నీడ అలాగే ఉంది. ప్రస్తుతం ఆ భాగం కుచ్చిళ్ల లోపలి మడతలోకి పోయేలా కట్టుకుంటున్నాను, బయటి మడతలో వచ్చినప్పుడు పగటి వెలుతురులో మాత్రమే కనిపిస్తుంది.